ఫోన్‌లో ఇంగ్లీషు పక్కనే తెలుగు కీబోర్డు: పెట్టుకోవడం, రాస్తూ రాస్తూ మార్చుకోవడం

ఇంగ్లీషు కీబోర్డు మీద "nenu" అని కొట్టి చూడండి, ఆదమరిస్తే అది "menu" అయి కూర్చుంటుంది. "Nenu repu vastunna" అని రాయబోయి "Menu repu vastunna" అని పంపినవాళ్ళు మన చుట్టూ ఎంతమందో లెక్కే లేదు. అది ఫోన్ తప్పు కాదు, మీరు ఇంగ్లీషు రాస్తున్నారనుకుని పాపం దిద్దుతోంది. తెలుగు రాస్తున్నామని దానికి చెప్పాలంటే తెలుగు కీబోర్డు పెట్టుకోవాలి, ఇంగ్లీషుని తీసేయక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మార్చుకుంటూ రాయడం చేతికి అలవాటవడానికే ఓ వారం పడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఆ రెండో పని గురించే.

నేను చెప్పేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వాళ్ళ Gboard గురించి, ఎక్కువ ఫోన్లలో ఉండేది అదే కాబట్టి. శాంసంగ్, ఐఫోన్ వాళ్ళ సంగతి చివర్లో క్లుప్తంగా చెప్తాను.

ముందు ఒక్క మాట. కీబోర్డు భాష వేరు, ఫోన్ భాష వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి భాష అని కనిపించిన చోటల్లా తెలుగు నొక్కేస్తారు, దాంతో మెనూలన్నీ తెలుగులోకి మారిపోతాయి, "సెట్టింగ్‌లు", "అనుమతులు" అంటూ కొత్త కొత్త పేర్లు కనిపించి మళ్ళీ వెనక్కి ఎలా రావాలో తెలియక టెన్షన్ పడతారు. ఫోన్ మొత్తం తెలుగులో వాడుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, కానీ మెసేజ్‌లు తెలుగులో రాయడానికి దానితో పనే లేదు. ఫోన్ ఇంగ్లీషులో ఉండగానే కీబోర్డుకి తెలుగు కలుపుకోవచ్చు.

ఆ సెట్టింగ్స్‌లో దేవులాడే బాధ లేకుండా కీబోర్డు నుంచే లోపలికి వెళ్ళే దారి ఒకటి ఉంది. ఒక్కో కంపెనీ ఫోన్‌లో సెట్టింగ్స్ ఒక్కోలా ఉంటాయి కాబట్టి నేను ఎవరికి ఫోన్లో చెప్పినా ఈ దారే చెప్తాను. వాట్సాప్‌లో ఏదో ఒక చాట్ తెరవండి, మెసేజ్ రాసే చోట నొక్కండి, కీబోర్డు పైకి వస్తుంది. కింద వరసలో స్పేస్ బార్‌కి ఎడమ పక్కన కామా మీట ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకోండి, పళ్ళచక్రం లాంటి సెట్టింగ్స్ గుర్తు కనిపిస్తుంది, వేలు ఎత్తకుండా దాని మీదికి జరిపి వదలండి. అలా రాకపోతే కీబోర్డు పై అంచున నాలుగు చిన్న గళ్ళ గుర్తు ఉంటుంది, అది నొక్కితే అక్కడా Settings ఉంటుంది. ఈ రెండూ కనిపించలేదంటే మీ ఫోన్లో ఉన్నది Gboard కాదన్నమాట.

లోపలికి వెళ్ళాక వరస ఇది:

```
Languages → Add keyboard → Telugu
```

జాబితా పొడుగ్గా ఉంటుంది, కిందికి దొర్లించకుండా పైన వెతికే గుర్తు నొక్కి Telugu అని కొట్టేయండి. తెలుగు మీద నొక్కగానే ఏ రకం కీబోర్డు కావాలో బొమ్మలతో చూపిస్తుంది. ఇక్కడ తొందరపడి Done నొక్కకండి, అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. ఒకటి అచ్చంగా అఆఇఈ, కఖగఘ మీటలతో ఉండే తెలుగు కీబోర్డు. ఇంకొకటి `abc → తెలుగు` అని ఉంటుంది, అందులో మీటలు ఇంగ్లీషువే, మీరు "repu" అని కొడితే అది "రేపు" అని రాస్తుంది. వేలితో గీస్తే అక్షరం గుర్తుపట్టే చేతిరాత పలక కూడా ఉంటుంది.

నన్నడిగితే మొదటి రెండూ టిక్ పెట్టుకోండి, చేతిరాత వదిలేయండి. మామూలుగా గబగబా రాయడానికి `abc → తెలుగు`, అది మొండికేసిన మాటని చక్కదిద్దడానికి అచ్చ తెలుగు మీటలు. ఇంగ్లీషు అక్షరాలు రాని పెద్దవాళ్ళ ఫోన్ అయితే మాత్రం లెక్క తిరగబడుతుంది, వాళ్ళకి అచ్చ తెలుగు మీటలు ఒక్కటే పెట్టండి, ఇంకేదీ వద్దు. టిక్ పెట్టాక కింద Done. వెనక్కి వస్తే Languages కింద ఇంగ్లీషు, తెలుగు రెండూ కనిపిస్తాయి. పెట్టిన వెంటనే కొన్ని నిమిషాలు నెట్ ఆన్‌లో ఉంచండి, తెలుగు మాటల ఫైలు ఒకటి దించుకుంటుంది. అది దిగకముందే రాయడం మొదలుపెట్టి "నేను repu అని కొడితే repu అనే వస్తోంది" అని కీబోర్డునే తీసేసిన వాళ్ళు నాకు తెలుసు.

ఇప్పుడు మళ్ళీ చాట్‌లోకి రండి. స్పేస్ బార్ పక్కన భూగోళం బొమ్మ ఒకటి కొత్తగా వచ్చి ఉంటుంది, గ్లోబు మీట. దాన్ని ఒకసారి నొక్కితే కీబోర్డు మారుతుంది. నొక్కి పట్టుకుంటే ఉన్న కీబోర్డులన్నీ జాబితాగా వస్తాయి, కావలసింది ఎంచుకోవచ్చు. స్పేస్ బార్‌ని నొక్కి పట్టుకున్నా ఇదే జాబితా వస్తుంది. గ్లోబు కనిపించకపోతే, చాలా ఫోన్లలో దాని చోట స్మైలీ బొమ్మ ఉంటుంది, Gboard సెట్టింగ్స్‌లో Preferences లోకి వెళ్ళి language switch key అన్న మాట ఉన్న మీటని ఆన్ చేయండి. స్మైలీలు ఎక్కడికీ పోవు, వేరే చోటికి జరుగుతాయంతే.

ఏ కీబోర్డులో ఉన్నామో తెలుసుకోవడానికి మీటల వంక చూడకండి, ఎందుకంటే `abc → తెలుగు` మీటలు కూడా ఇంగ్లీషువే కాబట్టి కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. స్పేస్ బార్ మీద పేరు రాసి ఉంటుంది, అది చూడండి. రాయడం మొదలుపెట్టే ముందు స్పేస్ బార్ మీదికి ఒక చూపు వేయడం అలవాటు చేసుకుంటే సగం చిరాకు పోతుంది, ఎందుకంటే ఇది ఒక్కో చాట్‌కి ఒక్కో భాష అని గుర్తుపెట్టుకోదు. ఇంటి గ్రూపులో తెలుగులో రాసి, వెంటనే ఆఫీసు చాట్ తెరిచి "ok sir" అని కొడితే అక్కడ "ఓకే సర్" అని పడుతుంది. అంతవరకు పర్లేదు కానీ మెయిల్ అడ్రస్ కొట్టినప్పుడు ఇలా జరిగితే చూసుకోకుండా పంపేస్తాం.

స్పేస్ బార్ గురించే ఇంకో సంగతి. దాని మీద వేలు పెట్టి పక్కకి జరిపితే కర్సర్ కదులుతుంది, కదపకుండా పట్టుకుంటే కీబోర్డుల జాబితా వస్తుంది. కర్సర్ జరపబోయి వేలు ఒక్క క్షణం ఆపితే జాబితా ఊడిపడుతుంది. అప్పుడు కంగారు పడక్కర్లేదు, బయట ఎక్కడైనా నొక్కితే పోతుంది.

ఇక రాయడం. `abc → తెలుగు` లో మీరు ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే అవి అలాగే కనిపిస్తూ ఉంటాయి, కీబోర్డు పైన సన్నటి పట్టీలో తెలుగు మాటలు రెండు మూడు చూపిస్తుంది. స్పేస్ నొక్కగానే అది సరైనదనుకున్న మాట పడిపోతుంది. మీకు కావలసింది పక్కది అయితే స్పేస్ నొక్కకముందే పట్టీలో ఆ మాటని నొక్కాలి. పట్టీ చివర బాణం గుర్తు ఉంటే అది నొక్కితే ఇంకొన్ని మాటలు వస్తాయి. కామా, చుక్క కొట్టినా స్పేస్ కొట్టినట్టే, మాట ఖాయమైపోతుంది.

కంప్యూటర్లో ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే లేఖిని వాడిన వాళ్ళకి ఇక్కడ చెయ్యి తడబడుతుంది. అందులో ళ కావాలంటే పెద్ద L, ణ కావాలంటే పెద్ద N, ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కో కచ్చితమైన రాత ఉంటుంది, మీరు కొట్టిందే వస్తుంది. ఇక్కడ అలాంటి ఒప్పందం లేదు. మాట మొత్తాన్ని చూసి జనం ఎక్కువగా ఏది రాస్తారో అంచనా వేస్తుంది. అందుకే "vastunna" అన్నా "vasthunna" అన్నా "వస్తున్నా" అనే వస్తుంది, అది సుఖం. కానీ ఒకే ఇంగ్లీషు రాతకి రెండు మూడు తెలుగు మాటలు ఉన్నచోట అది గుడ్డిగా ఒకటి ఎంచుతుంది, అది కష్టం. "pata" అంటే పాతా, పాటా? "koti" అంటే కోటి, కోతి, రెంటిలో ఏది? ఇలాంటి చోట్ల కొంచెం సాయం చేయండి. దీర్ఘం ఉంటే రెండు అక్షరాలు కొట్టండి, "paata". త అయితే th, ట అయితే ఒట్టి t అని మీకు మీరే ఒక పద్ధతి పెట్టుకోండి, "kothi", "koti". నూటికి నూరుపాళ్ళూ రాదు కానీ కావలసిన మాట పట్టీలో ముందుకొస్తుంది.

న-ణ, ల-ళ దగ్గర మాత్రం ఇంగ్లీషులో తేడా చూపించే అక్షరమే లేదు. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. అమ్మకి కళ్ళు ఎర్రబడ్డాయి, మంట అంటోంది. ఇంటి గ్రూపులో "అమ్మకి kallu మంట" అని రాయబోయి, పట్టీ చూడకుండా స్పేస్ కొట్టేశాను. పడింది "కల్లు". పంపేశాను కూడా. పెదనాన్న నుంచి రెండు నిమిషాల్లో జవాబు: "ఒరేయ్, మా మరదలికి కల్లు ఎవడు పోశాడురా?" ఇప్పటికీ పండక్కి కలిస్తే అదే మాట.

అందుకే అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ముందురోజు పిన్నికి పెట్టిన మెసేజ్‌నే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాసి చూపిస్తాను. మెసేజ్ ఇది:

"పిన్నీ, రేపు 6:40 బస్సుకి బయల్దేరుతున్నాం, అమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి 11 కల్లా వెళ్ళాలి, ఫైలు పేరు OP slip, అందులో పెట్టాను చూడు."

స్పేస్ బార్ మీద తెలుగు అని ఉందని చూసుకున్నాను. "pinni" అని కొడితే "పిన్ని" వస్తుంది, కానీ పిలుపు కాబట్టి దీర్ఘం కావాలి, "pinnee" అని కొట్టి పట్టీలో "పిన్నీ" నొక్కాను. "repu" ఇబ్బంది లేదు. 6:40 కోసం ఎడమ మూలన `?123` నొక్కి అంకెలు కొట్టి వెనక్కి వచ్చాను, అంకెల కోసం ఇంగ్లీషుకి మారనక్కర్లేదు. "bassuki" సరిగ్గా పడింది. "bayalderutunnam" అనేది పొడుగు మాట, ఇలాంటి వాటిలో చివర "న్నం"గా పడిందా "న్నాం"గా పడిందా చూసుకోవాలి, "aam" అని కొడితే గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు తిరకాసు. "amma kalla daktaru" లో "kalla" అంటే కళ్ళ. ఆరు మాటలు దాటకముందే "11 kalla" వస్తుంది, ఇక్కడ అదే "kalla" కల్లా. అంటే పదకొండు గంటలలోపు అని, ఇందులో ల కి ల వత్తు, చివర దీర్ఘం. రెండోదానికి "kallaa" అని కొడితే చాలు. మొదటిదానికి పట్టీలో "కళ్ళ" కనిపిస్తే దాన్ని నొక్కాలి. పట్టీలో "కళ్ల" అని ల వత్తుతో కనిపించినా తీసుకోవచ్చు, పత్రికల్లో ఎక్కువగా అలాగే రాస్తున్నారు. రెండూ కనిపించక "కల్ల" ఒక్కటే పట్టుకుని వేలాడుతుంటే అప్పుడు అచ్చ తెలుగు కీబోర్డు కావాలి. దాని సంగతి కింద చెప్తాను.

"OP slip" దగ్గర గ్లోబు నొక్కి ఇంగ్లీషుకి వచ్చి, ఆ రెండు మాటలు కొట్టి, మళ్ళీ గ్లోబు. ఇదే అందరూ అడిగే మార్పిడి, చేసేది ఇంతే. ఫైలు పేరు ఎలా ఉందో అలాగే ఇంగ్లీషులో పంపాలి, ఎందుకంటే పిన్ని దాన్ని ఫోన్లో వెతకాలంటే "ఓపీ స్లిప్" అని కొడితే దొరకదు. ఫోన్‌కి "OP slip" వేరు, "ఓపీ స్లిప్" వేరు. కాంటాక్టులూ అంతే, మీరు "Suresh" అని సేవ్ చేసుకుని ఉంటే "సురేష్" అని వెతికితే ఆ మనిషి లేడంటుంది. నంబరు పోయిందని గాభరా పడేముందు స్పేస్ బార్ చూడండి. ఇంగ్లీషులో ఉండాల్సింది ఒక్క మాటే అయితే ఒక్కోసారి గ్లోబు కూడా నొక్కక్కర్లేదు, మీరు కొట్టిన ఇంగ్లీషు మాట పట్టీలోనే కనిపిస్తే దాన్ని నొక్కేయండి, తెలుగులోకి మారకుండా అలాగే ఉండిపోతుంది.

గ్లోబు నొక్కుడు విషయంలో ఒక చిన్న సలహా. ఇంగ్లీషు, `abc → తెలుగు`, అచ్చ తెలుగు, ఈ మూడింటికి మించి పెట్టుకోకండి. సరదాకి హిందీ, చేతిరాత కూడా చేర్చుకుంటే గ్లోబు నొక్కిన ప్రతిసారీ ఏది వస్తుందో గుర్తుండదు, నాలుగుసార్లు నొక్కి ఐదోసారి చిరాకొచ్చి అంతా ఇంగ్లీషులోనే రాసేస్తారు. మూడుంటే కూడా మూడోదానికి గ్లోబుని నొక్కి పట్టుకుని జాబితాలో ఎంచుకోవడమే నయం.

ఇప్పుడు అచ్చ తెలుగు మీటల సంగతి. మెసేజ్‌లో "కల్ల" అని పడింది, "కళ్ళ" చేయాలి. గ్లోబుని పట్టుకుని జాబితాలో తెలుగు ఎంచుకున్నాం. కర్సర్‌ని ఆ మాట చివర పెట్టి వెనక్కి చెరిపే మీట ఒకసారి నొక్కండి. మాట మొత్తం పోదు, "ల్ల" కూడా మొత్తం పోదు. వత్తు మాత్రం పోయి "కల్" అని మిగులుతుంది. ఇది చూసి చాలామంది ఏదో పాడైందనుకుంటారు. ఫోన్ లోపల "కల్ల" అంటే క, ల, పొల్లు, ల, ఈ నాలుగూ వరసగా పేర్చి ఉంటాయి. మనం పలక మీద రాసేటప్పుడు వత్తుని అక్షరం కింద వేస్తాం, ఫోన్ మాత్రం అక్షరం, పొల్లు, అక్షరం అని దాచుకుని చూపించేటప్పుడు వత్తుగా చూపిస్తుంది. ఈ ఒక్క సంగతి ఒంటబడితే అచ్చ తెలుగు కీబోర్డు మొత్తం వచ్చేసినట్టే. ఇప్పుడు ఇంకో రెండుసార్లు చెరిపితే "క" మిగులుతుంది. దాని పక్కన ళ, పొల్లు, ళ కొట్టండి. "కళ్ళ" తయారు.

పొల్లు మీట మీద "్" గుర్తు ఉంటుంది, ఏ వత్తు కావాలన్నా మధ్యలో అది పడాల్సిందే. "లక్ష్మి" రాయాలంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఆఖర్న గుడి. "స్త్రీ" అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు. గుణింతాలకి బెంగ లేదు, హల్లు ఒకటి కొట్టగానే అచ్చుల మీటలు దాని గుణింతంగా మారతాయి, "వ" కొడితే వా, వి, వీ అని అక్కడే కనిపిస్తాయి. కొన్ని అక్షరాలు పైకి కనిపించవు, దగ్గరి అక్షరాన్ని నొక్కి పట్టుకుంటేనో రెండో పేజీకి వెళ్తేనో దొరుకుతాయి. రెండు రోజులు తడుముకుంటారు, తర్వాత వేలికే తెలుస్తుంది.

ఈ పొల్లు వల్లనే ఇంకో తమాషా ఉంది. ఇంగ్లీషు మాటలకి తెలుగు విభక్తి తగిలించినప్పుడు చూడండి. "ఆఫీస్" అని రాసి పక్కనే "కి" కొడితే పొల్లు, క కలిసిపోయి "ఆఫీస్కి" అని స కింద క వత్తు పడుతుంది. చదవడానికి ఏదో సంస్కృత శ్లోకంలా ఉంటుంది. "ఆఫీస్‌కి" అని విడిగా రావాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పడాలి, అక్షరాలని కలవనీయకుండా ఆపే గుర్తు. దాన్ని ZWNJ అంటారు. పట్టీలో "ఆఫీస్‌కి" అని విడిగా ఉన్న మాట వస్తే దాన్నే నొక్కండి, ఆ గుర్తు దానితోపాటే వస్తుంది. రాకపోతే దాని కోసం మీటలన్నీ వెతికి ప్రాణం తీసుకోకండి, మన భాషలోనే మందు ఉంది. చివర ఉకారం చేర్చేయండి. ఆఫీసుకి, బస్సులో, డాక్టరుతో, ఫైలుని. మనం మాట్లాడేది కూడా ఇలాగే కదా! నేను ఇప్పుడు మెసేజ్‌లలో పొల్లుతో ఆగే మాటకి విభక్తి తగిలించడమే మానేశాను.

ఆ కనిపించని గుర్తు ఒకసారి లోకమంతా గగ్గోలు పుట్టించింది కూడా. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలిపోయేది. జ, పొల్లు, ఞ తర్వాత ఆ గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరసని చూపించడం దానికి చేతకాలేదు. అదే నెలలో 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మీరేమీ చేయనక్కర్లేదు, ఇప్పుడు ఎవరి ఫోన్లోనైనా "విజ్ఞానం" అని నిశ్చింతగా రాసుకోవచ్చు.

వాట్సాప్ కాకుండా మామూలు ఎస్సెమ్మెస్ పంపేవాళ్ళకి ఒక లెక్క తెలియాలి. ఇంగ్లీషులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం మెసేజ్‌కి హద్దు 70కి పడిపోతుంది. పైగా లెక్కలోకి వచ్చేది కంటికి కనిపించే అక్షరాలు కాదు, ఇందాక చెప్పిన లోపలి ముక్కలు. "రేపు వస్తున్నా" అనేది కంటికి ఐదు అక్షరాలు, మధ్యలో ఖాళీ. లెక్కకి మాత్రం 14. అంటే పిన్నికి పెట్టిన పై మెసేజ్ ఎస్సెమ్మెస్‌గా పంపితే ఒకటి కాదు, రెండుగా చీలి వెళ్తుంది. చదివేవాళ్ళకి అతుక్కునే కనిపిస్తుంది కానీ మీ ప్యాక్‌లో అన్నీ లెక్కే. నెట్ లేని ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఎస్సెమ్మెస్ పెట్టాల్సి వస్తే క్లుప్తంగా పెట్టండి.

కొన్నాళ్ళు వాడాక ఇంకో బాధ మొదలవుతుంది. ఒకసారి తప్పుగా ఖాయమైన మాటని అది నేర్చుకుని, ప్రతిసారీ అదే ముందుకి తోస్తుంది. నాకు మా ఊరి పేరు దగ్గర ఇలాగే అయింది. పట్టీలో ఆ తప్పు మాటని నొక్కి పట్టుకోండి, చెత్తబుట్ట బొమ్మ వస్తుంది, దాని మీదికి లాగి వదిలేయండి, మళ్ళీ రాదు. అదే పనిగా రాసే ఇంటిపేర్లు, ఊరి పేర్లు ఉంటే Gboard సెట్టింగ్స్‌లో Dictionary, అందులో Personal dictionary లోకి వెళ్ళి తెలుగు కింద చేర్చుకోవచ్చు. అక్కడ తప్పు లేకుండా ఒక్కసారి రాసి పెడితే చాలు.

రాయడం బద్ధకమైతే మైకు ఉంది. స్పేస్ బార్ మీద తెలుగు ఉండగా మైకు నొక్కితే తెలుగు వింటుంది, ఇంగ్లీషు ఉండగా నొక్కి తెలుగు మాట్లాడితే దానికి తోచిన ఇంగ్లీషు మాటలేవో రాస్తుంది. మైకు పనిచేయట్లేదని చెప్పే వాళ్ళలో చాలామంది సమస్య ఇదే. మైకుతో చెప్పినా కామాలూ చుక్కలూ మీరే పెట్టుకోవాల్సి రావచ్చు, పంపేముందు ఒకసారి చదవండి.

శాంసంగ్ ఫోన్లలో వాళ్ళదే సొంత కీబోర్డు ఉంటుంది. దానికి దారి ఇది:

```
Settings → General management → Samsung Keyboard settings
→ Languages and types → Manage input languages
```

అక్కడ తెలుగు పక్కన దించుకునే గుర్తు నొక్కి, దిగాక ఆన్ చేయాలి. మార్చుకోవడం అక్కడా గ్లోబుతోనే, లేకపోతే స్పేస్ బార్ మీద వేలిని పక్కకి తోస్తే మారుతుంది. Gboard లో అదే పని చేస్తే కర్సర్ కదులుతుంది కాబట్టి ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి మారిన వాళ్ళు మొదట్లో తికమక పడతారు. ఐఫోన్లో Settings, General, Keyboard, Keyboards, Add New Keyboard, అందులో Telugu. అక్కడ గ్లోబు కింద ఎడమ మూలన ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జాబితా వస్తుంది.

మీ ఫోన్లో Gboard లేకపోతే ప్లే స్టోర్ నుంచి వేసుకోండి. ఆన్ చేసేటప్పుడు "ఈ కీబోర్డు మీరు రాసేదంతా, పాస్‌వర్డులతో సహా, సేకరించగలదు" అన్న అర్థంతో ఒక హెచ్చరిక వస్తుంది. బయటి నుంచి వేసుకునే ఏ కీబోర్డుకైనా ఆండ్రాయిడ్ ఆ మాటే చెప్తుంది. మామూలు హెచ్చరికే కదా అని కొట్టిపారేయకండి, అది నిజమే. మీరు కొట్టే ప్రతి అక్షరం ముందు కీబోర్డు చేతిలోంచే వెళ్తుంది. అందుకే "తెలుగు కీబోర్డు" అని పేరు పెట్టుకుని నిండా యాడ్లతో వచ్చే ముక్కూమొహం తెలియని యాప్‌లని మాత్రం వేసుకోకండి, ఫోన్‌తో వచ్చిన కీబోర్డుకి తెలుగు చేర్చుకుంటే సరిపోయే పనికి అవెందుకు.

పెద్దవాళ్ళ ఫోన్లో పెట్టి ఇచ్చేటప్పుడు వాళ్ళ చేతే ఒక మెసేజ్ రాయించి, ఒకసారి ఇంగ్లీషుకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చేలా చేయించండి. మా పెదనాన్నకి అచ్చ తెలుగు మీటలు పెట్టి ఇచ్చాను. పొల్లు ఎక్కడుందో చూపించి, ఏదైనా రాయి పెదనాన్నా అన్నాను. పావుగంట కూర్చుని గ్రూపులో పెట్టారు: "మరదలా, కళ్ళు ఎలా ఉన్నాయి? కల్లు మానేశావా?"